చేతికొచ్చేదెంత, కట్టేదెంత

కిందటి నెలలో ఒక సాయంత్రం, మా వీధి చివర టైలరింగ్ షాపు నడిపే అమ్మాయి రెండు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యానని వీధిలో అందరికీ తెలుసు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొనాలనుకుంటోంది. పెళ్లి బ్లౌజులకు మగ్గం వర్క్ లాంటి డిజైన్లు అడిగేవాళ్లు పెరిగారు. బయట వేయించి తెస్తే తనకు మిగిలేది తక్కువ. మూడు లక్షలు కావాలి.

"అన్నయ్యగారూ, ఒకటి బ్యాంకువాళ్లు ఇచ్చారు, ఇంకోటి ఫైనాన్స్ కంపెనీవాళ్లు. కంపెనీదే చవకలా ఉంది. వడ్డీ రెండు శాతం తక్కువ, నెల వాయిదా కూడా మూడున్నర వేలు తక్కువ. సంతకం పెట్టెయ్యమంటారా?" అని అడిగింది.

ఆమె చెప్పిన రెండు అంకెలూ నిజమే. బ్యాంకు 13 శాతం వడ్డీ అంది. గడువు 36 నెలలు, వాయిదా 10,108 రూపాయలు. కంపెనీ 11 శాతమే అంది. గడువు 60 నెలలు, వాయిదా 6,523 రూపాయలు. రెండూ తగ్గే బాకీ మీద వేసే వడ్డీలే. పైపైన చూస్తే ఎవరైనా ఆమె మాటే అంటారు. కానీ లోన్ ఎంత ఖరీదో ఈ రెండు అంకెల్లో లేదు. దాన్ని తెలుసుకోవాలంటే మరో రెండు అంకెలు రాబట్టాలి. మొదటిది, మొత్తం మీద మన జేబులోంచి అదనంగా పోయేదెంత. రెండోది, ఫీజులన్నీ కలుపుకుంటే నిజంగా పడే వడ్డీ ఎంత. ఆ సాయంత్రం మేమిద్దరం చేసిన లెక్క అదే.

ముందు చేతికొచ్చే డబ్బు

లోన్ మంజూరైన మొత్తం వేరు, ఖాతాలో పడే మొత్తం వేరు. మొదట ఆ రెండో అంకె రాయమన్నాను.

బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు ఒక శాతం, అంటే 3,000. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 540. మొత్తం 3,540 మినహాయించుకుని 2,96,460 ఖాతాలో వేస్తారు.

కంపెనీ ఫీజు మూడు శాతం, 9,000. దాని మీద జీఎస్టీ 1,620. దాని కింద ఇంకో వరుస ఉంది. లోన్‌కు రక్షణగా ఇన్సూరెన్స్ పాలసీ, 9,000. ఈ వరుసను ఆమె చూడనే లేదు, ఎవరూ చెప్పనూ లేదు. అన్నీ కలిపితే 19,620. అంటే ఖాతాలో పడేది 2,80,380.

"మిషన్‌వాడికి మూడు లక్షలూ కట్టాలి కదా అన్నయ్యగారూ, ఈ ఇరవై వేలు మళ్లీ ఎక్కడ తేవాలి?" అంది. ఆ ప్రశ్న సరైనదే. దానితోపాటు తెలుసుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. చేతికి 2,80,380 వచ్చినా వడ్డీ మాత్రం మూడు లక్షల మీద పడుతుంది. మొదటి నెల కట్టే 6,523లో వడ్డీ 2,750 రూపాయలు. అది మూడు లక్షలకు లెక్కగట్టిన వడ్డీ. మన చేతికి రాని 19,620కి కూడా మనం వడ్డీ కడుతున్నాం.

మొత్తం ఖర్చు: ఒక తీసివేత

చేతికొచ్చేది తెలిస్తే మొత్తం ఖర్చు తేలడం సులువు. వాయిదాను నెలల సంఖ్యతో గుణించి, అందులోంచి చేతికొచ్చే మొత్తాన్ని తీసెయ్యాలి. వడ్డీ, ఫీజు, పన్ను, ఇన్సూరెన్స్ అన్నీ ఆ మిగులులోనే ఉంటాయి. దేన్నీ విడిగా కూడాల్సిన పని లేదు, దేన్నీ మరిచిపోయే ప్రమాదమూ లేదు. ఒక్కటే జాగ్రత్త. ఫీజును లోన్‌లోంచి మినహాయించకుండా మన దగ్గర విడిగా కట్టించుకుంటే, దాన్ని కూడా చేతికొచ్చిన డబ్బులోంచి తీసేసి లెక్క వేయాలి.

| | బ్యాంకు | కంపెనీ |
|---|---|---|
| చెప్పిన వడ్డీ | 13% | 11% |
| గడువు | 36 నెలలు | 60 నెలలు |
| వాయిదా | 10,108 | 6,523 |
| కట్టే మొత్తం | 3,63,888 | 3,91,380 |
| చేతికొచ్చేది | 2,96,460 | 2,80,380 |
| మొత్తం ఖర్చు | 67,428 | 1,11,000 |

చవకనుకున్న లోన్‌కు 43,572 రూపాయలు ఎక్కువ ఖర్చవుతుంది. ఆమె ఆ చివరి వరుసను రెండుసార్లు చూసి, బ్యాంకు కాగితాన్ని తన వైపు లాక్కుంది.

కానీ ఇక్కడే ఆగితే కంపెనీకి అన్యాయం చేసినట్టవుతుంది. మూడేళ్లు ఉన్న ఇంటికి కట్టిన అద్దెనూ, ఐదేళ్లు ఉన్న ఇంటికి కట్టిన అద్దెనూ పక్కపక్కన పెట్టి, రెండోది ఎక్కువైంది కాబట్టి ఆ ఇంటి అద్దె ఖరీదు అనలేం కదా. వడ్డీ కూడా డబ్బుకు కట్టే అద్దే. బ్యాంకు లోన్ 36వ నెలలో తీరిపోయేనాటికి కంపెనీ లోన్‌లో ఇంకా దాదాపు 1,39,950 రూపాయల అసలు బాకీ ఉంటుంది. ఆ డబ్బు అప్పటికీ ఆమె వ్యాపారంలోనే తిరుగుతూ ఉంటుంది. ఎక్కువ కాలం వాడుకున్నందుకు ఎక్కువ వడ్డీ పడటం సహజం.

కాబట్టి మొత్తం ఖర్చు చెప్పేది ఒకే సంగతి, జేబులోంచి ఎంత పోతుందని. ఆ డబ్బు ఏ ధరకు వచ్చిందో అది చెప్పదు. గడువులు వేరైనప్పుడు ధర తెలియాలంటే రెండో అంకె కావాలి.

నిజంగా పడే వడ్డీ

మన ఊళ్లలో వడ్డీ లెక్క వందకు, నెలకు. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా సంఘాల కోసం వచ్చిన పథకం పేరు పావలా వడ్డీ, అంటే ఏడాదికి మూడు శాతం. ఈ లెక్కలో పెరిగినవాళ్లకు నిజంగా పడే వడ్డీ అంటే ఏమిటో అర్థం కావడం కష్టం కాదు. చేతికొచ్చిన డబ్బును మాత్రమే అప్పుగా రాసుకుని, వాళ్లు చెప్పిన వాయిదాలే కడుతూ పోతే, చివరి వాయిదాతో బాకీ సరిగ్గా సున్నా కావాలంటే నూటికి ఎంత వడ్డీ వేయాలి? ఆ అంకే నిజంగా పడే వడ్డీ.

కంపెనీ లోన్‌ను ఇలా చూద్దాం. నోటు మీద 2,80,380 అని రాసి, వాళ్లు చెప్పిన 11 శాతం వడ్డీనే వేస్తూ, నెలనెలా 6,523 కట్టుకుంటూ పోయామనుకోండి. ఆ బాకీ 55వ నెలకే తీరిపోతుంది. కానీ వాళ్లు 60 వాయిదాలు కట్టమంటున్నారు. అంటే చివరి ఐదు వాయిదాలు మొదట్లో కోసుకున్న 19,620కీ, ఆ మొత్తం మీద పెరిగిన వడ్డీకీ కట్టేవి. ఇదే పరీక్ష బ్యాంకు లోన్‌కు పెడితే 36వ వాయిదా సగం కట్టేసరికే బాకీ తీరుతుంది. బ్యాంకు ఫీజు బరువు సగం వాయిదా, కంపెనీ ఫీజుల బరువు ఐదు వాయిదాలు.

ఇక వడ్డీని కొద్దికొద్దిగా పెంచుతూ, బాకీ సరిగ్గా 60వ నెలలో తీరే చోటును వెతకాలి. పూర్వం బ్యాంకుల్లో దీనికి పట్టికలు ఉండేవి. ఇప్పుడు ఫోన్‌లో ఏ స్ప్రెడ్‌షీట్ తెరిచినా ఒక్క వరుసతో వస్తుంది. నెలల సంఖ్య, వాయిదా, చేతికొచ్చే మొత్తం, ఈ మూడూ ఈ వరుసలోనే ఇవ్వాలి. వాయిదా మన దగ్గర నుంచి పోయేది కాబట్టి దాని ముందు మైనస్ గుర్తు ఉండాలి.

```
=RATE(36,-10108,296460)*12
=RATE(60,-6523,280380)*12
```

మొదటిదానికి 13.8 శాతం వచ్చింది. రెండోదానికి 14 శాతం. గడిలో సున్నా పాయింట్ ఒకటి మూడు ఎనిమిది అన్నట్టు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, దాన్ని శాతంలోకి మార్చుకుంటే చాలు. చివర ఉన్న 12తో గుణించడం తీసేస్తే వచ్చేది నెలకు పడే వడ్డీ. అదే మన ఊరి లెక్క. బ్యాంకుది నూటికి రూపాయి పదిహేను పైసలు, కంపెనీది రూపాయి పదిహేడు పైసలు.

"అయితే రెండూ ఒకటేనా?" అంది ఆశ్చర్యంగా.

ధర ప్రకారం చూస్తే ఇంచుమించు ఒకటే. రెండు శాతం తక్కువని కనిపించిన తేడా మొత్తాన్నీ ఫీజులూ ఇన్సూరెన్సూ మింగేశాయి. పైగా పావు శాతం లోపు కంపెనీదే ఎక్కువ. మొత్తం ఖర్చులో కనిపించిన 43,572 తేడాకు ముఖ్య కారణం డబ్బు ఎక్కువ కాలం వాళ్లదై ఉండటం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఉంటేనే ఏది దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది. ఒక్క మొత్తం ఖర్చునే చూసినవారు ఎప్పుడూ పొట్టి గడువు లోన్‌నే ఎంచుకుంటారు, వాయిదా మోయలేక ఇబ్బంది పడినా సరే. ఒక్క వడ్డీనే చూసినవారు ఐదేళ్లు కడుతూనే ఉంటారు.

ఏడూ పదమూడూ ఒకటే అయ్యే చోటు

ఆమె ఇంకో మాట చెప్పింది. మిషన్ అమ్మే డీలరు తన దగ్గరే ఫైనాన్స్ ఉందనీ, వడ్డీ ఏడు శాతమే అనీ అన్నాడట. మూడేళ్లకు నెలకు 10,083 రూపాయలు.

ఇది ఫ్లాట్ వడ్డీ. మూడు లక్షలకు ఏడాదికి ఏడు శాతం చొప్పున మూడేళ్లకు 63,000 వడ్డీని మొదటే కట్టేసి, అసలుతో కలిపి 36 భాగాలు చేస్తారు. నెలకు వడ్డీ వాటా 1,750 రూపాయలు. మొదటి నెలలో బాకీ మూడు లక్షలు ఉన్నప్పుడు అది న్యాయమే. కానీ చివరి నెలలో మిగిలిన అసలు ఎనిమిది వేల చిల్లర. అప్పుడూ వడ్డీ వాటా 1,750 రూపాయలే. తిరిగి ఇచ్చేసిన డబ్బుకు కూడా చివరిదాకా వడ్డీ కడుతూనే ఉంటాం.

అదే వరుసలో ఈ అంకెలు పెడితే, ఏ ఫీజూ లేకుండానే 12.8 శాతం వచ్చింది. అంటే డీలరు చెప్పిన ఏడూ బ్యాంకు చెప్పిన పదమూడూ దాదాపు ఒకటే. వాయిదాలో తేడా పాతిక రూపాయలు. కాబట్టి వడ్డీ ఎంత అని అడిగే ముందు, ఫ్లాటా తగ్గే బాకీ మీదా అని అడగాలి. జవాబు సరిగ్గా రాకపోతే పోట్లాడక్కర్లేదు. వాయిదా ఎంత, ఎన్ని నెలలు, చేతికి ఎంత అని మూడు అంకెలు అడిగి ఇంటికి రావచ్చు. ఏ పేరుతో చెప్పినా నిజంగా పడే వడ్డీ ఆ మూడింటి నుంచి బయటపడుతుంది.

అడిగి తీసుకోవాల్సిన కాగితం

ఈ లెక్క మనం వేసుకోలేకపోయినా, వేసి ఇవ్వాల్సిన బాధ్యత అప్పు ఇచ్చేవారిదే. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి వ్యక్తులకూ చిన్న వ్యాపారాలకూ ఇచ్చే కొత్త టర్మ్ లోన్లన్నింటికీ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలి. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో ఉన్నది వివరించి చెప్పి, చెప్పినట్టు సంతకం తీసుకోవాలి. కాబట్టి తెలుగులో కావాలని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఆ కాగితంలో ఏపీఆర్ అని ఒక వరుస ఉంటుంది. మనం ఇప్పుడు వేసిన నిజంగా పడే వడ్డీ అదే. లోన్‌తోపాటు కట్టించుకునే ఇన్సూరెన్స్ లాంటి బయటివారి ఛార్జీలు కూడా అందులో కలిసి ఉండాలని నియమం. ఏడు రోజులు, అంతకు మించిన గడువున్న లోన్లకు, ఆ కాగితం ఇచ్చాక కనీసం మూడు పనిదినాలు ఆలోచించుకోవడానికి సమయం ఉండాలి. ఆ లోపు మనం ఒప్పుకుంటే, అందులో రాసిన షరతులకు వాళ్లు కట్టుబడాలి. అందులో లేని ఛార్జీని మన స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వేయకూడదు.

అయితే ఏపీఆర్ కూడా అన్నీ చెప్పదు. అన్ని వాయిదాలూ తేదీకి కట్టి, చివరిదాకా లోన్ ఉంచుకుంటామనే అనుకుని దాన్ని లెక్కగడతారు. వాయిదా తప్పితే పడే ఛార్జీ, చెక్కు లేదా ఆటో డెబిట్ తిరిగొస్తే పడే ఛార్జీ, ముందే లోన్ తీర్చేస్తే పడే ఛార్జీ అదే కాగితంలో వేరే వరుసల్లో ఉంటాయి. ఏపీఆర్ అంకెలో ఇవి కలవవు. వడ్డీ మారే రకమైతే రేపు రేటు పెరిగినా తగ్గినా ఈ అంకె మారుతుంది. బ్యాంకు ఇచ్చింది అలా మారే వడ్డీయే. కంపెనీది మారని వడ్డీ. మా లెక్కలో 13 శాతం మూడేళ్లూ అలాగే ఉంటుందని అనుకున్నాం.

ఒకే గడువుకు తెచ్చి చూస్తే

గడువులు వేరైన రెండు లోన్లను పోల్చడానికి అన్నిటికన్నా శుభ్రమైన దారి, రెండిటినీ ఒకే గడువుకు తేవడం. మర్నాడు ఆమెను కంపెనీకి పంపి రెండు ప్రశ్నలు అడిగించాను. ఇదే లోన్‌ను 36 నెలలకు ఇస్తారా? ఇన్సూరెన్స్ లేకుండా ఇస్తారా?

మూడేళ్లకు ఇస్తామన్నారు. అదే 11 శాతం, వాయిదా 9,822. ఫీజులు మార్చకుండా లెక్క వేస్తే మొత్తం ఖర్చు 1,11,000 నుంచి 73,212కి పడిపోయింది. కానీ నిజంగా పడే వడ్డీ 14 నుంచి 15.7 శాతానికి ఎక్కింది! ఆమెకు ఇది తిరకాసుగా అనిపించింది. ఖర్చు తగ్గితే వడ్డీ ఎలా పెరుగుతుంది?

ఫీజు ఒకేసారి పడుతుంది, దాని బరువు గడువంతా పరుచుకుంటుంది. అదే 19,620ని ఐదేళ్ల మీద పరిస్తే ఏడాదికి కొద్దిగా పడుతుంది. మూడేళ్ల మీద పరిస్తే దళసరిగా పడుతుంది. అందుకే పొడుగు గడువులో పెద్ద ఫీజులు చిన్నగా కనిపిస్తాయి, పొట్టి గడువులో బయటపడతాయి. బ్యాంకు లోన్‌తో ఒకే గడువులో పెట్టగానే కంపెనీది ఖరీదని తేలిపోయింది, 13.8కి 15.7.

ఇక రెండో ప్రశ్న. మొదట పాలసీ తప్పనిసరి అన్నారట. ఆ మాట కాగితం మీద రాసివ్వమని ఆమె అడిగింది. కాసేపు లోపలికి వెళ్లి మాట్లాడి వచ్చి, లేకుండానే ఇస్తామన్నారు. ఇన్సూరెన్స్ చెడ్డదని నేను అనను. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే అయితే జీవిత బీమా ఉండాల్సిందే. కానీ దాన్ని విడిగా, నాలుగు చోట్ల ధర కనుక్కుని కొనుక్కోవాలి. అప్పు డబ్బుతో కొని, దాని మీద వడ్డీ కట్టడం వేరే సంగతి.

పాలసీ పోగానే చేతికొచ్చేది 2,89,380 అయింది. మొత్తం ఖర్చు 64,212. నిజంగా పడే వడ్డీ 13.5 శాతం. బ్యాంకు లెక్క 67,428, 13.8 శాతం. ఇప్పుడు రెండు అంకెల ప్రకారమూ కంపెనీదే చవక, మూడేళ్లలో 3,216 రూపాయల మేర. మొదటి రోజు ఆమె అనుకున్నదే చివరికి నిజమైంది, కానీ అది వేరే లోన్. గడువు మారింది, తొమ్మిది వేల వరుస ఒకటి పోయింది.

మిగిలిన ఒక్క ప్రశ్న

"అయితే కంపెనీకి సంతకం పెట్టనా?" అంది.

"నువ్వు మూడేళ్లూ కడతావా, మధ్యలో తీర్చేస్తావా?" అని అడిగాను.

ఆమె ఆలోచించి చెప్పింది. మిషన్ వచ్చాక ఖర్చులు పోను నెలకు సగటున పద్నాలుగు, పదిహేను వేలు మిగులుతాయి. శ్రావణంలో, మాఘంలో పెళ్లిళ్లు జోరుగా ఉంటే ఇంకా ఎక్కువ. ఆషాఢంలో, మూఢం వచ్చినప్పుడు ఏడెనిమిది వేలకు దిగిపోతాయి. రెండేళ్లు తిరిగేసరికి చీటీ డబ్బు చేతికొస్తుంది. దాంతో లోన్ తీర్చేయాలని ఉంది.

ఈ జవాబుతో లెక్క మళ్లీ మారింది. కంపెనీ కాగితంలో, ముందే తీర్చేస్తే మిగిలిన బాకీ మీద నాలుగు శాతం, దాని మీద జీఎస్టీ అని ఉంది. బ్యాంకు లోన్‌కు ఆ ఛార్జీ లేదు. రెండేళ్ల తర్వాత తీర్చేస్తే ఏమవుతుందో చూశాం. 24వ వాయిదా కట్టాక బ్యాంకు బాకీ 1,13,172 మిగులుతుంది. అది కట్టేస్తే రెండేళ్లకు అయ్యే మొత్తం ఖర్చు 59,304. కంపెనీ బాకీ 1,11,127 మిగులుతుంది. దాని మీద నాలుగు శాతమూ జీఎస్టీ కలిపి 5,245 పడుతుంది. మొత్తం ఖర్చు 62,720. మూడేళ్లూ ఉంచుకుంటే 3,216 చవకైన లోన్, రెండేళ్లకు తీర్చేస్తే 3,416 ఖరీదైపోయింది.

అనుమానం కోసం మొదటి ఐదేళ్ల కాగితాన్ని కూడా ఈ పరీక్షకు పెట్టాం. ఇన్సూరెన్సూ ఫీజులూ ఉన్న ఆ లోన్‌ను రెండేళ్లకు తీర్చేసి, నాలుగు శాతం ఛార్జీ కూడా కట్టి ఉంటే, నిజంగా పడే వడ్డీ 17 శాతం దాటేది. పదకొండు శాతం అని మొదలైన లోన్ అది. వాయిదా తక్కువ కదా, ఇప్పుడు పెద్ద గడువు పెట్టుకుని తర్వాత ముందే తీర్చేద్దాం అనుకునేవారు చాలామంది ఉంటారు. ఫీజులు పెద్దవిగా ఉండి, ముందే తీర్చడానికి ఛార్జీ ఉన్న లోన్‌కు అంతకు మించిన ఖరీదైన వాడకం లేదు. 2026 జనవరి 1 తర్వాత మంజూరైన లోన్లలో, వ్యక్తులు వ్యాపారానికి కాక సొంత అవసరాలకు మారే వడ్డీ మీద తీసుకున్నవాటికి ముందే తీర్చినందుకు ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. వ్యాపార లోన్లకు ఆ వెసులుబాటు ఇచ్చేది ఏ రకం సంస్థ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మారని వడ్డీ లోన్లకు ఛార్జీ వేయవచ్చు. అందుకే కాగితంలో ఆ వరుసను వెతికి చదవాల్సిందే.

చివరికి ఆమె బ్యాంకు లోన్ తీసుకుంది. వాయిదా 10,108 అంటే ఆషాఢంలో కష్టమవుతుంది కాబట్టి, మూడు వాయిదాలకు సరిపడా డబ్బును మాఘం పెళ్లిళ్ల సంపాదనలోంచి విడిగా ఒక ఖాతాలో వేసి ఉంచాలని నిర్ణయించుకున్నాం. వాయిదా తప్పితే పడేదాన్ని వడ్డీగా కాక ఛార్జీగా మాత్రమే వేయాలనీ, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదనీ 2024 ఏప్రిల్ నుంచి నియమం ఉంది. అయినా ఆటో డెబిట్ తిరిగొచ్చిన ప్రతిసారీ రెండు వైపులా ఛార్జీలు పడతాయి. రెండుసార్లు తప్పితే మేం కష్టపడి పట్టుకున్న మూడు వేల తేడాలో పెద్ద భాగం అక్కడే పోతుంది.

పెళ్లిళ్లు తగ్గి, చీటీ డబ్బు మరో పనికి పోయి, ఆమె లోన్‌ను మూడేళ్లూ కట్టాల్సి వస్తే, కంపెనీదానికన్నా 3,216 ఎక్కువ కట్టినట్టు అవుతుంది. ఆ సంగతి కూడా ఆమెకు చెప్పాను. ముందే తీర్చేసే వీలుకు అది ఆమె కట్టే ధర, నెలకు తొంభై రూపాయల లోపు. ఆమె తన కొలతల పుస్తకం వెనక పేజీలో మూడు అంకెలు రాసుకుంది. వాయిదా, నెలలు, చేతికొచ్చింది. వాటి కింద నాలుగో వరుసగా, 24వ నెలలో మిగిలే బాకీ రాసి, ఆ నెల పేరు చుట్టూ గీత గీసుకుంది.